నాలుక మీద పూస

గుడియాత్తంలో ఉండే మా పిన్ని కూతురు రెండేళ్ళ కిందట వేలూరులో నాలుక కుట్టించుకుంది. పోయిన ఎండాకాలం చల్లని గోలీసోడా తాగుతూ "అక్కా, కింది పళ్ళు జివ్వుమంటున్నాయే" అంది. పంటి డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్ళాను.

ఆవిడ చిన్న అద్దం పెట్టి కింది ముందుపళ్ళ లోపలివైపు చూపించారు. నడిమి రెండు పళ్ళు పక్కవాటికన్నా పొడుగ్గా కనిపించాయి. పళ్ళు పెరగలేదు, చిగురే కిందికి జారింది. గీతలున్న సన్నని కడ్డీతో కొలిస్తే 3 మిల్లీమీటర్లు. వెనక దవడపంటికి ఒక మూల విరిగి ఉంది. అది పూస పంటికింద పడినప్పటి పని.

ఇదంతా ఎలా జరిగిందంటే, నాలుక కుట్టిన కొత్తలో వాస్తుంది కాబట్టి పొడుగు కడ్డీ వేస్తారు. వాపు తగ్గాక, కొన్ని వారాల్లో, దాన్ని తీసి పొట్టిది వేయాలి. మా చెల్లి మళ్ళీ వెళ్ళనే లేదు. కింది పూస మాట్లాడినప్పుడల్లా, మింగినప్పుడల్లా అదే చిగురును ఒరుసుకుంటూ వచ్చింది. చిగురు జారితే పంటివేరు బయటపడుతుంది. వేరుకు ఎనామిల్ ఉండదు, అందుకే ఆ జివ్వుమనడం. పొట్టి కడ్డీ వేసినా ఒరిపిడి తగ్గుతుందే గానీ పోదు. పెదవి స్టడ్ అయితే లోపలి బిళ్ళ ముందువైపు చిగురును ఇలాగే తింటుంది.

"నొప్పి లేదని ఊరుకున్నావా అమ్మా?" అన్నారు డాక్టరు. విరిగిన పంటికి సిమెంటు పెట్టారు. జారిన చిగురు తనంతట తాను తిరిగి రాదట. ఇంకా జారితే అంగిట్లోంచి చర్మం తీసి అతికించాలి. పూస మాత్రం ఆ రోజే తీసేయించారు.

ఆడికృత్తికకు నాలుకకు వేలు గుచ్చుకునేవాళ్ళకు ఇలా కాదేమని అడిగింది మా అమ్మ. ఆ వేలు మొక్కు తీరగానే తీసేస్తారు, ఏళ్ళ తరబడి పంటిని ఒరుసుకోదు. సూది శుభ్రంగా లేకపోతే చీము పట్టే భయం మాత్రం రెండింటికీ ఒకటే. కుట్టాక కొద్దిరోజులు వాపు సహజం. వాపు పెరుగుతూ నాలుక కిందికి, గొంతుకు దిగి, జ్వరమొచ్చి, మింగడమో ఊపిరో కష్టమైతే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి. గుండె కవాటం జబ్బున్నవాళ్ళు కుట్టించుకోకపోవడమే మేలు.

మనలో ఇప్పటికే కుట్టించుకున్నవాళ్ళుంటే ఫోను కెమెరాతో కింది పళ్ళ లోపలివైపు ఫోటో తీసి చూసుకోండి. ఒక పన్ను పక్కదానికన్నా పొడుగ్గా ఉంటే డాక్టరుకు చూపించండి. ప్లాస్టిక్ పూసతో పళ్ళు విరగడం తగ్గవచ్చు, చిగురుకు పెద్ద తేడా ఉండదు. మా చెల్లి ఇప్పుడు పెళ్ళిళ్ళకు కన్నం అక్కర్లేని నొక్కుడు రింగు పెదవికి తగిలించుకుంటోంది. అన్నానికి కూర్చునేముందు, పడుకునేముందు తీసేస్తుంది, మింగేస్తానేమోనని.