జీతం చీటీని పట్టికలోకి ఎక్కించే విధం

గత నెల సంఘం ఆఫీసుకు మనవాళ్ళ పిల్లవాడొకడు వచ్చాడు. తేని పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో పని. ఏడాది జీతం చీటీలు సంచిలో తెచ్చి, "మామా, పీఎఫ్ సరిగ్గా కడుతున్నారో లేదో చూడండి" అన్నాడు. చీటీలు విడివిడిగా చూస్తే ఏమీ తెలియదు, పట్టికలో పెడితేనే తెలుస్తుంది. ఆ రోజు మేము చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది నెలకొక వరుస పెట్టి, బేసిక్, డీఏ, హెచ్ఆర్ఏ అని ఒక్కొక్కదానికి ఒక గడి ఇస్తారు. రెండు నెలలు బాగానే ఉంటుంది. మూడో నెల వృత్తి పన్ను వస్తుంది. మన రాష్ట్రంలో దాన్ని ఆరు నెలలకోసారి కోస్తారు కాబట్టి అన్ని చీటీల్లోనూ కనబడదు. అప్పుడు కొత్త గడి చేర్చాలి, పాత లెక్కలు జరిగిపోతాయి. అందుకని అంశానికొక వరుస పెట్టండి. నాలుగు గడులు చాలు: నెల, రకం, అంశం, మొత్తం. రకంలో జమ, కోత అనే రెండు మాటలే. కొన్ని చీటీల్లో యాజమాన్యం కట్టే పీఎఫ్ కూడా అచ్చు వేస్తారు. అది మన చేతికి వచ్చేది కాదు, మన చేతి నుంచి పోయేదీ కాదు. దానికి "యజమాని" అని వేరే రకం రాయండి, లేకపోతే మొత్తం తప్పుతుంది.

నెలను 2024-06 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. 202406 అని అంకెగానే కొట్టండి. అంశం పేరు చీటీలో ఎలా ఉందో అలాగే, ప్రతి నెలా ఒకే తీరుగా ఉండాలి. మన ఇళ్ళలో మాట తెలుగైనా రాత అరవమే కదా, ఏ లిపిలో రాసినా పరవాలేదు, కానీ మార్చకండి.

ఆ అబ్బాయి జూన్ చీటీ ఇది. బేసిక్ 9,000, డీఏ 5,400, హెచ్ఆర్ఏ 1,800, ఓవర్‌టైం 650. కోతలు: పీఎఫ్ 1,728, ఈఎస్ఐ 127, క్యాంటీన్ 600, అడ్వాన్సు 1,000. ఎనిమిది వరుసలయ్యాయి. చేతికి వచ్చేది చూడడానికి:

```
=SUMIFS(D:D,A:A,202406,B:B,"జమ")-SUMIFS(D:D,A:A,202406,B:B,"కోత")
```

13,395 రావాలి. చీటీ అడుగున ఉన్నది అదే. రూపాయి తేడా వచ్చినా ముందుకు పోకండి, ఏదో వరుస తప్పింది.

మాకు మొదట సున్నా వచ్చింది. పీడీఎఫ్ నుంచి అంకెలు కాపీ చేస్తే అవి అక్షరాలుగా దిగుతాయి. గడిలో ఎడమ వైపుకు అంటుకుని ఉంటే అదే గుర్తు. ఇలా మార్చవచ్చు:

```
=VALUE(SUBSTITUTE(D2,",",""))
```

పైగా చీటీలో జమలు ఎడమన, కోతలు కుడిన ఉంటాయి గనుక, కాపీ చేస్తే బేసిక్ పక్కనే పీఎఫ్ వచ్చి కలిసిపోతుంది. ఎనిమిది వరుసల కోసం ఆ తంటా ఎందుకు, చేత్తో కొట్టండి అని నా మాట.

ఇక తనిఖీ. పీఎఫ్ అంటే బేసిక్, డీఏ కలిపి నూటికి 12: 14,400కు 1,728. సరే. 2024లో ఈఎస్ఐని మొత్తం జీతం మీద నూటికి 0.75గా కోసేవారు. ఓవర్‌టైం కూడా కలిసేది. 16,850కి 126.38 వస్తుంది, పై రూపాయికి సర్దితే 127. అదీ సరే.

తరువాత పీఎఫ్ పాస్‌బుక్ తెరిచాం. యజమాని వాటా గడిలో 528 మాత్రమే చూసి పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. అందులో మోసం లేదు. యజమాని కట్టే 1,728లో, 14,400 మీద నూటికి 8.33, అంటే 1,200, పెన్షన్ గడిలోకి పోతుంది. మిగతా 528 ఇక్కడ పడుతుంది. జూన్ జీతం డబ్బు జూలై 15 లోపల కట్టాలి, అందుచేత ఒక నెల ఆలస్యంగా కనబడుతుంది. కట్టిన తేదీని కాక, జీతం నెలను చూసి పోల్చాలి.

అలా మా పట్టికలో కోత పక్కన ఐదో గడి పెట్టి, పాస్‌బుక్‌లో పడిన మొత్తం రాస్తూ పోయాం. పదకొండు నెలలు సరిపోయాయి. నవంబరుకు చీటీలో కోత ఉంది, పాస్‌బుక్‌లో లేదు. నాలుగు నెలలు దాటింది, ఆలస్యం అనుకోవడానికి వీల్లేదు. ఆ రెండు కాగితాలూ, ఆ వరుసా అచ్చు తీసి మిల్లు ఆఫీసులో ఇవ్వమన్నాను. వాళ్ళు పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వకపోతే epfigms.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. దానికి యూఏఎన్ నంబరు కావాలి, అది చీటీ పై భాగంలోనే ఉంది.