రెండు డ్యూటీ... రెండు సెలవు... మూడు డ్యూటీ!

రాత్రి పదకొండున్నరకి ‘బిర్యానీ వచ్చింది, పంపమంటారా?’ అని గేటు నుంచి ఫోన్ చేసిన సెక్యూరిటీ అన్నే, తెల్లారి ఏడింటికి మీరు జిమ్‌కి బయల్దేరినప్పుడూ గేటు తీస్తాడు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా అతని డ్యూటీ. రేపూ అతనే, ఎల్లుండీ అతనే, ఆదివారమూ అతనే! ఇద్దరితోనే గేటు నడిపించే చోట ఒక్కొక్కరికి వారానికి ఏడు డ్యూటీలు. అంటే 84 గంటలు.

మరి షిఫ్టు పన్నెండు గంటలే ఉంచి, అతనికి సెలవులు ఇవ్వలేమా? ఇవ్వొచ్చు. దానికో లెక్కుంది. రెండు రోజులు పని, రెండు రోజులు సెలవు, మూడు రోజులు పని. పోలీసులు, ఆసుపత్రుల డ్యూటీల్లో వాడే ఈ పద్ధతిని ‘పిట్‌మ్యాన్ షెడ్యూల్’ అంటారు.

ఒక్క గేటున్న అపార్ట్‌మెంట్ అనుకుందాం. కావాల్సింది నలుగురు. ఎ, బి పగలు. సి, డి రాత్రి. ఎ ఈ వారం సోమ, మంగళ పనిచేస్తాడు. బుధ, గురు సెలవు. మళ్లీ శుక్ర, శని, ఆది పని. వచ్చే వారం సరిగ్గా తిరగబడుతుంది: సోమ, మంగళ సెలవు; బుధ, గురు పని; శుక్ర, శని, ఆది సెలవు. ఎ ఇంట్లో ఉన్న రోజుల్లో బి గేటు దగ్గర ఉంటాడు. రాత్రి సి, డిలదీ ఇదే వరస.

రెండు వారాలకి ఒక్కొక్కరికి ఏడు డ్యూటీలు, 84 గంటలు. చూశారా, ఇద్దరే ఉన్నప్పుడు వారంలో చేసిన పని ఇప్పుడు రెండు వారాలకు సర్దుకుంది. మూడు రోజులకు మించి వరసగా పనుండదు. వారం విడిచి వారం శని, ఆదివారాలు ఇంట్లోనే.

ఇక్కడే రెండు మెలికలున్నాయి. మొదటిది జీతం. సగటున వారానికి 42 గంటలే అయినా, ఒక వారం ఐదు డ్యూటీలతో 60 గంటలు, మరో వారం రెండు డ్యూటీలతో 24 గంటలు పడతాయి. మన కార్మిక చట్టాల్లో వారానికి హద్దు 48 గంటలు. ఆపైన చేస్తే ఓవర్‌టైమ్, దానికి రెట్టింపు రేటు. కాబట్టి ‘సగటు 42 కదా’ అని ఆ 60 గంటల వారాన్ని దాటేయకూడదు. ఇంకో సంగతి, డ్యూటీకి ఇంత అని లెక్కగట్టే చోట నెలకు పదిహేను డ్యూటీలంటే చేతికొచ్చేది సగమే. అప్పుడు ఆ గార్డు సెలవు రోజున పక్క వీధిలో ఇంకో గేటు దగ్గర నిలబడతాడు. కాగితం మీద సెలవు, కళ్లలో నిద్ర! అందుకే జీతం నెలకింత అని ముందే ఖాయం చేయాలి.

రెండోది, ఒకరు రాకపోతే? ఎ అక్క పెళ్లికని మొదటి వారం శుక్ర, శని, ఆది సెలవడిగాడు. పగటి డ్యూటీ తెలిసిన బిని పిలిచారు. బి బుధ, గురు తన డ్యూటీ చేశాడు. శుక్ర, శని, ఆది ఎ బదులు చేశాడు. సోమ, మంగళ మళ్లీ తన డ్యూటీయే. వరసగా ఏడు రోజులు, 84 గంటలు! తప్పించుకుందామనుకున్న లెక్కే మళ్లీ తలుపు తట్టింది. ‘రాత్రి డ్యూటీ దిగిన సి ఉన్నాడుగా, పగలూ ఉంటాడులే’ అంటే అది ఇంకా ఘోరం. అది 24 గంటల డబుల్ డ్యూటీ.

దీనికి మందు ఐదో మనిషి, అంటే రిలీవర్. పక్కనున్న రెండు మూడు అపార్ట్‌మెంట్లు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. ఆ మూడు రోజులూ అతను దొరికితే సరే. ఒక్కరోజే దొరికితే శనివారం అడగండి. అప్పుడు బి మూడు రోజులు చేసి, ఒకరోజు పడుకుని, మళ్లీ మూడు రోజులు చేస్తాడు. ఏడు ముక్కలై మూడు, మూడుగా మారుతుంది.

పగలు, రాత్రి డ్యూటీలు మార్చాలనుకుంటే మూడు రోజుల సెలవు తర్వాతే మార్చండి. సి శుక్రవారం పొద్దున 8కి రాత్రి డ్యూటీ దిగి, సోమవారం పొద్దున 8కి పగటి డ్యూటీ ఎక్కితే మధ్యలో 72 గంటలుంటాయి. నిద్ర మళ్లీ దారిలో పడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

పద్ధతి సరిగ్గా నడుస్తోందో లేదో తెలియాలంటే గేటు దగ్గరి అటెండెన్స్ రిజిస్టర్ తిప్పండి. వరసగా నాలుగో రోజూ ఒకే సంతకం కనిపిస్తే, మీ నలుగురి లెక్కలో ఎవరో ఒకరు తగ్గినట్టే. ఆ నాలుగో రాత్రి మీ బిర్యానీ కోసం ఫోన్ చేసేది సగం నిద్రలో ఉన్న మనిషే.