వంద తీసేస్తే తేలిన దారి

1992లో రొనాల్డ్ విలియమ్స్ ప్రచురించిన రీఇన్‌ఫోర్స్ పద్ధతిలో కంప్యూటర్‌కు సరైన జవాబు ఎవరూ చెప్పరు. అది ఏదో ఒకటి చేస్తుంది, మార్కులు పడతాయి. వాటిని బట్టి ఆ పనివైపు మొగ్గును సవరించుకుంటుంది.

రెండే బటన్లున్న ఆట తీసుకుందాం. ఎర్రది నొక్కితే 101 మార్కులు, నీలానికి 99. మొదట్లో రెండింటికీ సమాన అవకాశం. మొగ్గును ఎటు, ఎంత జరపాలో చెప్పే అంకే గ్రేడియంట్. మామూలుగా వాడే సిగ్మాయిడ్ సూత్రంలో ఎరుపు పడితే మార్కులను 0.5తో, నీలం పడితే −0.5తో గుణించాలి.

ఎరుపు పడితే 50.5 వస్తుంది, నీలం పడితే −49.5. రెండింటి సగటు 0.5. అసలు గ్రేడియంట్ అదే, ఎరుపువైపు చిన్న అడుగు. కానీ ఏ ఒక్క ప్రయత్నమూ ఆ 0.5ను చూపించదు. నీలానికీ మార్కులు దండిగా ఉన్నాయి కనుక, అది పడ్డప్పుడల్లా మొగ్గు తప్పువైపుకే గట్టిగా లాగుతుంది.

ఇప్పుడు సగటు మార్కు 100ను బేస్‌లైన్‌గా తీసేద్దాం. ఎరుపుకు +1, నీలానికి −1 మిగులుతాయి. గుణిస్తే రెండుసార్లూ 0.5! ఊగిసలాట పూర్తిగా పోయింది. సగటు చెక్కుచెదరలేదు, ఎందుకంటే తీసేసిన 100 ఒకసారి +0.5తో, ఒకసారి −0.5తో గుణించబడి రద్దయిపోతుంది. బేస్‌లైన్ ఎంచుకున్న బటన్‌ను బట్టి మారితే మాత్రం ఈ రద్దు జరుగుతుందన్న హామీ ఉండదు.

ఇంత శుభ్రమైన ఫలితం ఈ చిన్న ఆటలోనే. ఒకే బటన్‌కు ఒక్కోసారి ఒక్కో మార్కు పడే చోట కొంత ఊగిసలాట మిగిలే ఉంటుంది.