రెండు నాణేల సంచీ: ఒకే గుణకారం ఒకచోట ఒప్పు, పక్కనే తప్పు ఎందుకయింది?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో పన్నెండో తరగతి చదివే ఒక బాబు నాన్నగారు ఆన్సర్ షీట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అది సంభావ్యత పాఠం మీద పెట్టిన యూనిట్ టెస్ట్. ఆయన వేలు పెట్టి చూపించిన ప్రశ్న ఇదీ:

ఒక సంచీలో రెండు నాణేలున్నాయి. మొదటిది మామూలుది, ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు బొరుసు. రెండోదానికి రెండువైపులా బొమ్మే. చూడకుండా ఒక నాణెం తీసి, అదే నాణేన్ని రెండుసార్లు ఎగరేశారు. (అ) తీసింది మామూలు నాణెమని తెలిస్తే, రెండుసార్లూ బొమ్మ పడే సంభావ్యత ఎంత? (ఆ) ఏ నాణెం తీశారో తెలియకపోతే ఎంత?

బాబు మొదటిదానికి 1/2 × 1/2 = 1/4 అని రాశాడు. పూర్తి మార్కులు వచ్చాయి. రెండోదానికి 3/4 × 3/4 = 9/16 అని రాశాడు. రెండు మార్కులూ పోయాయి.

"మేడం, నాణేనికి జ్ఞాపకం ఉండదు కదా. మొదటిసారి ఏం పడిందో దానికేం గుర్తుంటుంది? పైలెక్కలో గుణిస్తే ఒప్పు, కిందిలెక్కలో గుణిస్తే తప్పు. ఇదేం న్యాయం?" అన్నారాయన.

న్యాయమైన ప్రశ్నే. వెనక చాలామంది వరసలో ఉండటంతో ఆ రోజు తొందరగా ఏదో చెప్పి పంపించాను. ఈ నెల పేజీలో తీరిగ్గా చెబుతాను. ఇంట్లో పిల్లలు ఇదే లెక్క మీ ముందు పెడితే మీకూ పనికొస్తుంది.

ముందుగా, బాబు రాసిన 3/4 సరైనదే. మామూలు నాణెం చేతికొచ్చే అవకాశం సగం, అందులో బొమ్మ పడే అవకాశం మళ్ళీ సగం. అంటే 1/4. రెండు బొమ్మల నాణెం వచ్చే అవకాశం సగం, అది వస్తే బొమ్మ ఖాయం. అంటే 1/2. రెండూ కలిపితే 3/4. మొదటిసారి వేసినా, రెండోసారి వేసినా విడివిడిగా చూస్తే బొమ్మ పడే సంభావ్యత ఇదే. చిక్కంతా ఆ రెండు 3/4లను గుణించడంలో ఉంది.

సూత్రం పక్కన పెట్టి, లెక్కపెట్టి చూద్దాం. ఈ ఆట 80 సార్లు ఆడామనుకోండి. ప్రతి ఆటలో సంచీలోంచి ఒక నాణెం తీయాలి, దాన్నే రెండుసార్లు ఎగరేయాలి, తిరిగి సంచీలో వేయాలి. సగటున 40 ఆటల్లో మామూలు నాణెం వస్తుంది, 40 ఆటల్లో రెండు బొమ్మల నాణెం వస్తుంది.

మామూలు నాణెం వచ్చిన 40 ఆటలు నాలుగు సమాన భాగాలవుతాయి. 10 ఆటల్లో బొమ్మ-బొమ్మ, 10 ఆటల్లో బొమ్మ-బొరుసు, 10 ఆటల్లో బొరుసు-బొమ్మ, 10 ఆటల్లో బొరుసు-బొరుసు. రెండో నాణెం వచ్చిన 40 ఆటల్లోనూ బొమ్మ-బొమ్మే.

ఇప్పుడు రెండుసార్లూ బొమ్మ పడిన ఆటలు ఎన్ని? 10 + 40 = 50. మొత్తం 80లో 50 అంటే 5/8. బాబు చెప్పిన 9/16 నిజమైతే అవి 45 ఉండాలి. అయిదు ఆటలు ఎక్కువ వచ్చాయి. ఎందుకు?

మొదటిసారి బొమ్మ పడిన ఆటలను మాత్రమే పక్కకు తీయండి. మామూలు నాణెంతో 20, రెండో నాణెంతో 40, మొత్తం 60. ఈ 60లో రెండోసారి కూడా బొమ్మ పడినవి 50. అంటే 5/6. మొదటి ఫలితం తెలియక ముందు 3/4 అనుకున్నది, తెలిశాక 5/6 అయింది. అదే మొదటిసారి బొరుసు పడితే, చేతిలో ఉన్నది మామూలు నాణెమేనని తేలిపోతుంది కాబట్టి రెండోసారి బొమ్మ పడే అవకాశం 1/2కి దిగిపోతుంది. మొదటి ఫలితం తెలిశాక రెండోదాని మీద మన అంచనా మారుతోందంటే, ఆ రెండూ స్వతంత్ర ఘటనలు కావు. స్వతంత్రం కానివాటిని ఊరికే గుణించకూడదు.

"నాణేనికి జ్ఞాపకం లేదు" అన్న మాట సంగతేమిటి మరి? అది అక్షరాలా నిజం. మొదటి ఎగరవేత రెండోదాన్ని ఏమీ చేయలేదు. అది మార్చింది నాణేన్ని కాదు, నాణెం గురించి మనకున్న అంచనాను. బొమ్మ పడగానే "ఇది రెండు బొమ్మలదేమో" అన్న అనుమానం పెరిగింది. పై లెక్కలోనే చూడండి, మొదటిసారి బొమ్మ పడిన 60 ఆటల్లో 40 రెండో నాణెంవి. సగం ఉన్న అనుమానం 2/3 అయింది. ఆ అనుమానమే రెండోసారి మీద మన అంచనాను పైకి తీసుకెళ్ళింది.

షోలే సినిమా గుర్తుంది కదా. జై నాణెం ఎగరేసిన ప్రతిసారీ పందెం తనవైపే పడుతుంది. దానికి రెండువైపులా ఒకే ముద్ర ఉందని వీరూకి చివర్లో గానీ తెలియదు. మన సంచీలోంచి తీసిన నాణెం వరసగా రెండుసార్లు బొమ్మ పడితే అనుమానం 4/5కి, మూడుసార్లు పడితే 8/9కి చేరుతుంది. వీరూ లెక్క వేసుకుని ఉంటే కాస్త ముందే అడిగేవాడు.

ఇప్పుడు (అ) ప్రశ్నకు తిరిగి వద్దాం. అక్కడ తీసింది మామూలు నాణెమని ముందే చెప్పేశారు. ఇక అనుమానానికి చోటు లేదు. మొదటిసారి బొమ్మ పడినా, బొరుసు పడినా మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు. ఆ 40 ఆటలే చూడండి. మొదటిసారి బొమ్మ పడినవి 20, వాటిలో రెండోసారీ బొమ్మ పడినవి 10. సరిగ్గా సగం. అందుకే అక్కడ గుణకారం చెల్లింది. తీసింది రెండు బొమ్మల నాణెమని చెప్పినా అంతే: 1 × 1 = 1.

అంటే రెండు ఘటనలు మామూలుగా ఒకదానికొకటి ముడిపడి ఉండి, మూడో సంగతి తెలిశాక మాత్రమే స్వతంత్రం కావచ్చు. ఇక్కడ ఆ మూడో సంగతి, ఏ నాణెం అన్నది. మొదటిసారి బొమ్మను A, రెండోసారి బొమ్మను B, మామూలు నాణెం రావడాన్ని C అనుకుంటే, పిల్లల నోట్‌బుక్‌లో ఇది ఇలా కనిపిస్తుంది:

P(A∩B|C) = P(A|C) × P(B|C), అంటే 1/4 = 1/2 × 1/2

P(A∩B) ≠ P(A) × P(B), ఎందుకంటే 5/8 వేరు, 9/16 వేరు

నిలువు గీత తర్వాత ఉన్న C అంటే "C జరిగిందని తెలిస్తే" అని అర్థం. ఆ ఒక్క అక్షరం ఉందా లేదా అన్నదే ఒప్పుకూ తప్పుకూ మధ్య తేడా.

ప్రశ్నలో ఇంకో మాట కూడా చూడాలి: "అదే నాణేన్ని". మొదటిసారి ఎగరేశాక నాణేన్ని సంచీలో వేసి, కలిపి, మళ్ళీ చూడకుండా ఒకటి తీసి ఎగరేస్తే, 9/16 సరైన జవాబే. అప్పుడు మొదటి ఫలితం రెండోసారి వచ్చే నాణెం గురించి ఏమీ చెప్పదు. చాలామంది పిల్లలు లెక్క రాక కాదు, ఈ మాట దాటేసి మార్కులు పోగొట్టుకుంటారు.

ఇంట్లో చేసి చూడాలంటే రెండు క్యారమ్ బిళ్ళలు చాలు. ఒకదానికి ఒకవైపు "బొ", ఇంకోవైపు "రు" అని రాసిన స్టిక్కర్లు అంటించండి. రెండోదానికి రెండువైపులా "బొ". బిళ్ళను మీరు తీసి ఎగరేయండి, పైన పడిన వైపు మాత్రమే పిల్లలకు చూపించండి. బిళ్ళ వాళ్ళ చేతికిస్తే తిప్పి చూసేస్తారు, ఆట అక్కడితో అయిపోతుంది. 80 ఆటలు ఆడితే సరిగ్గా 50 రాకపోవచ్చు. 46 వచ్చినా, 54 వచ్చినా ఆశ్చర్యం లేదు. 50కీ 45కీ మధ్య దూరం తక్కువ కాబట్టి 80 ఆటలతో తేలకపోవచ్చు కూడా. ఇంతకన్నా తేటగా తెలిసేది ఒకటుంది: మొదట బొరుసు పడిన ఆటల్లో రెండోసారి బొమ్మ సుమారు సగం, మొదట బొమ్మ పడిన ఆటల్లో ఆరింట అయిదు. ఈ తేడా దాదాపు ఎప్పుడూ కంటికి కనిపిస్తుంది.

ఇలాంటిదే రోజూ స్కూల్లో చూస్తుంటాం. ఒకే బస్సులో, వేర్వేరు స్టాపుల్లో ఎక్కే ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆలస్యంగా వస్తే, రెండోవారూ ఆలస్యమే అయి ఉంటారని అనుకుంటాం. సరైన అంచనాయే. కానీ ఆ రోజు బస్సు సమయానికే వచ్చిందని తెలిస్తే, ఒకరి ఆలస్యం చూసి రెండోవారి గురించి ఏమీ చెప్పలేం. అయితే ఆ ఇద్దరూ అన్నదమ్ములైతే? బస్సు సంగతి తెలిసినా ముడి విడిపోదు. ఇద్దరూ ఒకే ఇంట్లో నిద్ర లేచారు కదా! మూడో సంగతి తెలిశాక స్వతంత్రం అనాలంటే, ఆ రెండింటినీ కలిపే దారి ఇంకేదీ మిగిలి ఉండకూడదు. నాణేల సంచీలో అలాంటి రెండో దారి లేదు. అందుకే అక్కడ లెక్క అంత శుభ్రంగా తేలింది.

మీ పిల్లలు ఇలాంటి లెక్క తెచ్చినప్పుడు గుణించే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మొదటిది జరిగిందని నీకు చెబితే, రెండోదాని మీద నీ అంచనా మారుతుందా?" మారితే గుణించకూడదు. అప్పుడు ఒక్కో నాణేనికి విడిగా లెక్కకట్టి కలపాలి: 1/2 × 1/4 + 1/2 × 1 = 5/8.

ఆ బాబు నాన్నగారికి ఒక మాట. సార్, 9/16 తప్పే, దాన్ని మార్చలేను. కానీ 3/4 వరకు మీవాడు పద్ధతిగానే వచ్చాడు. ఆ మెట్టుకు ఒక మార్కు ఇవ్వాల్సింది, నేను ఇవ్వలేదు. ఆన్సర్ షీట్ పంపించండి, సరిచేసి ఇస్తాను.