మిర్చి బ్రోచర్ ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక మధ్యస్థాయి సంస్థ ఉందనుకుందాం. దాని తెలుగు బ్రోచర్ మొదటి పేజీలో ఇలా ఉంటుంది: "శ్రీ వేంకటేశ్వరస్వామి వారి దివ్య ఆశీస్సులతో, రైతే రాజు అన్న నినాదంతో ప్రారంభమైన మా సంస్థ, నాణ్యతకు మారుపేరుగా నిలిచి, అత్యాధునిక యంత్రాలతో మిర్చిని శుద్ధి చేసి, దేశవిదేశాలకు ఎగుమతి చేస్తూ, వినియోగదారుల ఆదరాభిమానాలను చూరగొంటూ దినదినాభివృద్ధి చెందుతున్నది." ఇలాంటి వాక్యం మనం వందసార్లు చదివి ఉంటాం. తెలుగులో దీనికి ఒక పని ఉంది. యజమాని భక్తిపరుడనీ, పెద్దల మాట కాదనడనీ, ఊళ్లో పరువున్నవాడనీ చెప్పడం ఆ పని. ఊరివాడు చదివితే నమ్మకం కలుగుతుంది.

అదే వాక్యాన్ని కొలంబోలోనో బ్యాంకాక్‌లోనో ఉన్న మసాలా కొనుగోలుదారు ఇంగ్లీషులో చదువుతాడు. అతనికి కావలసినవి వేరు. ఏ రకం మిర్చి, తొడిమతోనా తొడిమ తీసిందా, ఎంత ఘాటు, ఎంత రంగు, నెలకు ఎంత పంపగలరు, పరీక్ష ఎవరు చేశారు? పై వాక్యాన్ని మాటకు మాట ఇంగ్లీషు చేస్తే ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాదు. వ్యాకరణం తప్పకపోయినా అది సరుకు అమ్మే ఇంగ్లీషు కాదు.

అందుకే ఈ పనిలో మొదటి మెట్టు నిఘంటువు తెరవడం కాదు, యజమానికి ఫోన్ చేయడం. బ్రోచర్‌లో పొగడ్త కనిపించిన ప్రతిచోటా గీత గీసుకుని, దాని వెనక ఏముందో అడగాలి. "అత్యాధునిక యంత్రాలు అన్నారు కదండీ, ఏవేం ఉన్నాయి?" అని అడిగితే ఆయన టకటకా చెప్పేస్తారు. తొడిమ కోసే యంత్రం, తాలు కాయలను రంగుబట్టి ఏరే సార్టెక్స్, మెటల్ డిటెక్టర్. అవే ఇంగ్లీషులోకి వెళ్లాలి. "స్టేట్ ఆఫ్ ది ఆర్ట్ మెషినరీ" అని రాస్తే కొనేవాడి కన్ను దానిమీద ఆగదు. "తాలు కాయలు ఏరేశాకే ప్యాక్ చేస్తాం" అనే అర్థంలో రాస్తే ఆగుతుంది. ఎందుకంటే రంగు మాసిన కాయ కలిసిందంటే పొడి రంగు దెబ్బతింటుందని అతనికి తెలుసు.

"నాణ్యతకు మారుపేరు" అన్నదాన్నీ ఇలాగే విప్పాలి. మిర్చిలో నాణ్యతను కొలవచ్చు. ఘాటును స్కోవిల్ యూనిట్లలో, రంగును ఆస్టా యూనిట్లలో చెబుతారు. తేజ రకం ఘాటుకు, బ్యాడిగి రకం రంగుకు పేరు. ఇంకా ముఖ్యమైనది అఫ్లటాక్సిన్, అంటే సరిగ్గా ఆరని కాయకు పట్టే బూజు వల్ల పుట్టే విషం. యూరోపియన్ యూనియన్ మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటనివ్వదు. ప్రతి లాటుకూ ల్యాబ్ రిపోర్టు ఉందని యజమాని చూపిస్తే, మారుపేరు మాట వదిలేసి ఆ సంగతి రాయాలి. రిపోర్టు లేకపోతే నాణ్యత గురించి గొప్పలు రాయకూడదు.

ఇప్పుడు ఆ పొడవాటి వాక్యం సంగతి. తెలుగులో "చేసి, చేస్తూ, నిలిచి, చూరగొంటూ" అని క్రియలను వరుసగా అల్లుకుంటూ పోయి చివర ఒక్కచోట ఆపితే చక్కగా నడుస్తుంది. ఇంగ్లీషు మార్కెటింగ్ రాతకు ఆ నడక సరిపడదు. ఒక వాక్యానికి ఒక్క పని ఇవ్వాలి. "మా సంస్థ" అని దూరంగా నిలబడకుండా నేరుగా "వి", "యు" అని మాట్లాడాలి. పై వాక్యంలో మిగలదగినది చివరికి ఇలా తేలుతుంది: "వి బై తేజ అండ్ సన్నం చిల్లీస్ ఫ్రమ్ గ్రోయర్స్ అరౌండ్ గుంటూరు. వి టెస్ట్ ఎవ్రీ లాట్ ఫర్ అఫ్లటాక్సిన్ బిఫోర్ ఇట్ షిప్స్." రెండే వాక్యాలు. సరుకేదో, ఎక్కడిదో, ఎందుకు నమ్మాలో వాటిలోనే ఉన్నాయి.

యజమానులు నొచ్చుకునేది ఇక్కడే. "మా నాన్నగారి గురించి రెండు పేరాలుంటే తీసేశారేంటండీ?" అంటారు. ఆ బాధలో న్యాయం ఉంది, పెద్దాయన కథను పారేయకూడదు. కాకపోతే "కృషీవలుడు, దానకర్ణుడు, అజాతశత్రువు" అన్న బిరుదులు ఇంగ్లీషులో నిలవవు. ఆయన మిర్చియార్డులో కమీషన్ వ్యాపారిగా మొదలుపెట్టారనీ, కాయను చేత్తో నలిపి తేమ చెప్పగలిగేవారనీ ఇంట్లోవాళ్లు చెబితే, ఆ ఒక్క సంగతి నాలుగు బిరుదుల కంటే బలంగా నిలుస్తుంది. ఒక చిన్న పేరాగా లోపలి పేజీలో, ఫొటో పక్కన పెట్టాలి. పేరు మాత్రం పాస్‌పోర్టులో, విజిటింగ్ కార్డులో ఎలా ఉందో అలాగే రాయాలి. మన ఇంటిపేరు ముందుంటుంది గనక విదేశీయులు చివరి "రావు"నే ఇంటిపేరు అనుకుంటారు. ఒక్కో కాగితంలో ఒక్కోలా రాస్తే బ్యాంకు పత్రాల దగ్గర చిక్కొస్తుంది.

లెక్కల్లో తేడా వస్తే మాత్రం నేరుగా నష్టం. "ఏటా 50 వేల టిక్కీలు" అంటే గుంటూరులో అందరికీ అర్థమవుతుంది, బయటివాడికి టిక్కీ అంటే తెలియదు. టిక్కీ సగటున ఎంత తూగుతుందో యజమానినే అడగాలి. 40 కిలోలంటే 2,000 టన్నులని రాయాలి. 12 కోట్ల రూపాయల టర్నోవరును 120 మిలియన్ రూపాయలు అనాలి. ఇక్కడ ఒక సున్నా జారితే కొనేవాడు సంస్థ స్థాయిని పూర్తిగా తప్పుగా అంచనా వేస్తాడు.

ధ్రువపత్రాల పేజీలో ఇంకా జాగ్రత్త కావాలి. "ఐఎస్ఓ సర్టిఫైడ్ కంపెనీ" అని చాలామంది రాసేస్తారు. ఐఎస్ఓ ప్రమాణాలను రూపొందిస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఇచ్చేవి వేరే సంస్థలు. అందుకే ఐఎస్ఓ 22000:2018 అని ప్రమాణం పేరు, దాంతోపాటు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు రాయాలి. "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అంటే ఏ గుర్తింపు? స్పైసెస్ బోర్డు ఎగుమతిదారుగా ఇచ్చిన రిజిస్ట్రేషనైతే ఆ మాటే అనాలి. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే. అయితే ఆ ముద్రను తమదిగా వాడుకోవాలంటే సంస్థ అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. ఇక "ఆసియాలోనే నెంబర్ వన్" లాంటివి రుజువు లేకుండా వేయడం తెలుగులోనూ తప్పే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

రాత పూర్తయ్యాక నేను నమ్మే పరీక్ష ఒకటుంది. సంస్థ పేరు చెరిపి, ఆ చోట ఏ సిమెంటు కంపెనీ పేరో పెట్టి చదవాలి. అయినా సరిపోయిన వాక్యం ఎందుకూ కొరగాదు. "కమిటెడ్ టు ఎక్సలెన్స్", "వన్ స్టాప్ సొల్యూషన్" లాంటివన్నీ అక్కడే దొరికిపోతాయి. ఆ తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చి, ఈ వ్యాపారం తెలియని ఒకరి చేత చదివించి, ఏం అమ్ముతున్నారో, ఎవరికి రాయాలో చెప్పమనాలి. చెప్పలేకపోతే మళ్లీ రాయాల్సిందే.

బ్రోచర్ అనువాదానికి ఇచ్చే యజమానులకు ఒక మనవి. తెలుగు ప్రతి ఒక్కటే పంపకండి. ల్యాబ్ రిపోర్టులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, యంత్రాల జాబితా, ప్యాకింగ్ వివరాలు కలిపి పంపండి. అనువాదకుడు ఫోన్ చేస్తే ఒక అరగంట కూర్చుని జవాబులు చెప్పండి.