వార్తల్లో పదం: సెప్టల్ డిఫెక్ట్

చిన్నారుల గుండె శస్త్రచికిత్సల వార్తల్లో తరచుగా కనిపించే ‘సెప్టల్ డిఫెక్ట్’ అంటే గుండె కుడి, ఎడమ గదుల మధ్య గోడ పూర్తిగా మూసుకోక మిగిలిన రంధ్రం. పిండ దశలో నాలుగో వారం ఆరంభానికి ఒకే గొట్టంగా ఏర్పడి కొట్టుకోవడం మొదలుపెట్టే గుండె, పొడవు పెరుగుతూ కుడివైపుకు వంపు తిరిగి మడత పడటంతో, కర్ణికలు కాబోయే భాగం వెనుకకూ పైకీ, జఠరికలు కాబోయే భాగం ముందుకూ కిందికీ చేరతాయి. ఆ తరువాత జఠరికల నడుమ కండర గోడ అడుగు నుంచి పైకి లేస్తుంది గాని, అది చివరిదాకా చేరదు. మిగిలిన సందును గుండె లోపలి మెత్తని కణజాలపు ఉబ్బులు పెరిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని, ఏడో వారం చివరికి పలుచని పొరతో మూసివేస్తాయి. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే భాగాలు కలవవలసిన చోటు ఇదే కనుక, జఠరికల గోడలో శస్త్రచికిత్స అవసరమయ్యే రంధ్రాలు ఎక్కువగా ఇక్కడే మిగులుతాయి. పుట్టిన తరువాత ఊపిరితిత్తుల రక్తనాళాలలో నిరోధం తగ్గేకొద్దీ రక్తం ఎడమ నుంచి కుడికి మళ్లుతుంది కాబట్టి, పుట్టిన రోజున వైద్యునికి వినబడని మర్మర ధ్వని కొన్ని వారాలకు వినబడవచ్చు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. శిశువుకు పాలు తాగేటప్పుడు ఆయాసం, చెమట ఉండి, బరువు పెరగకపోతే మాత్రం ఆలస్యం చేయక ఎకో పరీక్ష చేయించాలి.