విదేశీ క్లయింటుకు 15 చెప్తే 50గా వినపడొద్దంటే..

కదిరి దగ్గర ఎన్.పి.కుంటలో పెద్ద సోలార్ పార్కు ఉంది. 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ కరువు ప్రాంతంలో ఎండకు కొదవ లేదు, నీళ్లకే కటకట. ఇలాంటి చోట పనిచేసే ఓ ఇంజినీరు న్యూయార్క్‌లోని క్లయింటుకు ప్యానెళ్లపై పేరుకునే దుమ్ము గురించి ప్రజెంటేషన్ ఇవ్వాలనుకోండి.

చాలామంది గ్రాఫులతో మొదలుపెట్టి, అసలు విషయం చివర్లో చెప్తారు. అప్పటికి కాల్ టైం అయిపోతుంది. అందుకే మొదటి స్లైడ్‌లోనే అడగాల్సింది అడిగేయాలి: "దుమ్ముతో కరెంటు ఉత్పత్తి తగ్గుతోంది. 15 రోజులకోసారి నీళ్లు వాడకుండా బ్రష్‌తో తుడిచేందుకు అనుమతి కావాలి." గ్రాఫులు ఆ తర్వాత.

ఇక యాస సంగతి. కాల్‌లో 'ఫిఫ్టీన్' చివరి అక్షరం మింగేస్తే అవతల 'ఫిఫ్టీ' అని వినపడుతుంది. 'వన్ ఫైవ్' అని విడదీసి చెప్పాలి, స్క్రీన్‌పై 15 అంకె చూపాలి. "అర్థమైందా?" అంటే అర్థం కాకున్నా ఓకే అనేస్తారు. "ఎన్ని రోజులని రాసుకున్నారు?" అని అడిగితే తప్పు అక్కడే బయటపడుతుంది.

టైం కూడా అంతే. న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే జూలైలో మనకు రాత్రి 7:30, డిసెంబర్‌లో 8:30. వాళ్ల గడియారం మారుతుంది, మనది మారదు. అందుకే మీటింగ్ మెయిల్‌లో రెండు టైంలూ రాయాలి. తేదీని 03/04 అని రాస్తే అమెరికాలో మార్చి 4 అనుకుంటారు. నెల పేరు అక్షరాల్లోనే రాయాలి.

15 కాస్తా 50 అయితే ప్యానెళ్లు ఇంకో 35 రోజులు దుమ్ములోనే ఉంటాయి.